వారానికే కాలిన చార్జర్: షాపాయన చూడలేని వేడిని లెటర్‌లో ఎలా చూపించాలి

ప్రశ్న: నేను హాస్టల్లో ఉంటాను. ఈ మధ్యే ఒక 20 వాట్ల ఫాస్ట్ చార్జర్ కొన్నాను. ఆరో రోజు రాత్రి ఫోన్ పెట్టిన అరగంటకు కాలిన వాసన వచ్చింది, ముట్టుకుంటే చెయ్యి ఆనలేదు. కేబుల్ గుచ్చే చోట గోధుమ రంగు మరక పడింది. షాపుకు తీసుకెళ్తే ఆయన తన ఫోన్ పెట్టి రెండు నిమిషాలు చూసి, "బాగానే ఉందిగా, మీ హాస్టల్ కరెంటు తేడా అయి ఉంటుంది" అన్నారు. గట్టిగా అడిగితే "రాసివ్వండి, చూద్దాం" అన్నారు. కోపంలో ఒక పేజీ రాశాను, చదువుకుంటే మొత్తం తిట్లలాగే ఉంది. బిల్లు ఉంది, డబ్బా పారేశాను. లెటర్‌లో ఏం రాయాలి?

జవాబు: లెటర్ సంగతి తర్వాత. ముందు ఆ చార్జర్‌ని ఇంకెక్కడా గుచ్చకండి. వీడియో తీద్దామని కూడా వద్దు, పక్క రూమువాళ్లకు చూపిద్దామని కూడా వద్దు. చార్జర్ లోపల రెండు భాగాలుంటాయి. ఒకవైపు గోడ నుంచి వచ్చే ఎక్కువ వోల్టేజ్ కరెంటు, రెండోవైపు మీ ఫోన్‌కి వెళ్లే తక్కువ వోల్టేజ్ కరెంటు. ఈ రెండూ కలవకుండా మధ్యలో ఇన్సులేషన్ ఉంటుంది. పైన ప్లాస్టిక్ రంగు మారేంత వేడి పుట్టిందంటే లోపల ఆ ఇన్సులేషన్ ఎంత దెబ్బతిందో బయటి నుంచి చెప్పలేం. అది తెగితే గోడ కరెంటు కేబుల్ దాకా, ఫోన్ పట్టుకున్న చేతి దాకా రావచ్చు. స్క్రూడ్రైవర్‌తో విప్పి చూడటం కూడా వద్దు. ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్‌లో కొంత చార్జ్ మిగిలి ఉండొచ్చు. పైగా విప్పిన వస్తువును ఏ షాపూ తీసుకోదు.

నేను చాలా ఏళ్లు ఒక రిపేర్ కౌంటర్ వెనక కూర్చున్నాను. చార్జర్ల మీద వచ్చే లెటర్లు చదివి, మార్చాలా వద్దా అని చెప్పడం నా పనిలో భాగంగా ఉండేది. అప్పుడు గమనించింది ఒకటి చెబుతాను. లెటర్ తిరిగొచ్చేది అందులో కోపం ఉన్నందుకు కాదు. కోపం తప్ప ఇంకేమీ లేనందుకు. "వారానికే పాడైంది, మీరు నాసిరకం సరుకు అమ్ముతున్నారు" అని రాస్తే, చదివే మనిషి తేల్చుకోవడానికి అందులో ఒక్క విషయం కూడా ఉండదు. మీ షాపాయన రెండు నిమిషాలు పెట్టి చూశారు, ఆయన కళ్లకు తేడా కనపడలేదు. కాబట్టి ఆయన ఆ రెండు నిమిషాల్లో చూడలేకపోయినదేదో అది మీ లెటర్ చూపించాలి. దాని పని అంతే.

ఆయన ఎందుకు చూడలేకపోయారంటే, ఏ చార్జరైనా తీసుకున్న కరెంటంతా ఫోన్‌కి ఇవ్వదు, కొంత వేడిగా పోతుంది. మీ 20 వాట్ల చార్జర్ పూర్తి లోడు మీద పనిచేస్తున్నప్పుడు సుమారు రెండు మూడు వాట్లు అలా పోతాయనుకోండి. చిన్న సంఖ్యే. కానీ గాలి దూరే సందు లేని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పుడుతుంది కాబట్టి మంచి చార్జర్ కూడా వెచ్చబడుతుంది, అది సహజం. అయితే ఆ వెచ్చదనం ఒక్కసారిగా రాదు. లోపలి భాగాలు వేడెక్కి, ఆ వేడి ప్లాస్టిక్ దాకా వచ్చి నిలదొక్కుకోవడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. రెండు నిమిషాలే పెట్టి చూస్తే పాడైన చార్జర్ కూడా చల్లగానే ఉండొచ్చు.

ఇంకో సంగతి. ఫోన్ ఎప్పుడూ ఒకే లెక్కన కరెంటు తీసుకోదు. బ్యాటరీ బాగా తగ్గినప్పుడు ఎక్కువ లాగుతుంది. 80 శాతం దాటాక మెల్లమెల్లగా తగ్గించేస్తుంది, 90 శాతం పైన కొద్ది వాట్లతో సరిపెట్టుకుంటుంది. షాపాయన ఫోన్‌లో అప్పుడు బ్యాటరీ ఎంత ఉందో మీరు చూసి ఉండరు. దాదాపు నిండి ఉంటే ఆ చార్జర్ మీద బరువే పడలేదు. పైగా ఒక కంపెనీ ఫాస్ట్ చార్జింగ్ పద్ధతి ఇంకో కంపెనీ ఫోన్‌తో కుదరకపోతే చార్జర్ మామూలు 5 వోల్టులకు దిగిపోయి నెమ్మదిగా పనిచేస్తుంది. అప్పుడు కూడా వేడి తక్కువే. ఆయన అబద్ధమాడలేదు, ఆయన చేసిన పరీక్షలో ఆ లోపం బయటపడే వీలు లేదు, అంతే. అందుకే లెటర్‌లో మూడు సంగతులు తప్పనిసరిగా ఉండాలి: ఫోన్ పెట్టినప్పుడు బ్యాటరీ ఎంత శాతం ఉంది, ఎంతసేపటికి వాసన వచ్చింది, చార్జర్ ఎక్కడ పెట్టి ఉంది. చివరిది దాచకండి. దుప్పటి కింద ఉంటే ఉందనే రాయండి. కప్పి ఉంచితే ఏ చార్జరైనా వేడెక్కుతుంది, కానీ మంచి చార్జర్ లోపల వేడి హద్దు దాటితే తనంతట తాను కరెంటు తగ్గించుకునే ఏర్పాటు ఉంటుంది. మరక పడేదాకా అది పనిచేయలేదంటే లోపం ఇంకా మిగిలే ఉంది.

ఇక మీ చేతిలో ఉన్న గట్టి ఆధారం ఆ మరక. మరక ఉందన్నదానికంటే అది ఎక్కడ ఉందన్నదే ముఖ్యం. కౌంటర్ దగ్గర నేను మొదట చూసేది అదే. గోడలోకి వెళ్లే పిన్నుల దగ్గర నల్లబడితే నేను సాకెట్‌ని అనుమానించేవాణ్ణి. చాలామంది వాడి వాడి వదులైన సాకెట్లో పిన్ను సరిగా పట్టుకోదు, ఆ వదులు దగ్గరే చిటపటలు వచ్చి వేడి పుడుతుంది. అలాంటప్పుడు చార్జర్ తప్పేమీ ఉండదు, షాపాయన మాటే నిజమవుతుంది. ఫోన్‌లోకి వెళ్లే కొన దగ్గర కాలితే ఫోన్ పోర్టులో చేరిన దుమ్ము, తడి, లేదా కేబుల్ కారణం. మీ మరక ఈ రెండు చోట్లా లేదు. చార్జర్ ఒంటి మీద, కేబుల్ గుచ్చే రంధ్రం పక్కన ఉంది. ఇక్కడ అనుమానం రెండిటి మీదే: చార్జర్ లోపలి భాగం, లేదా కేబుల్‌కి అటువైపు కొన. కేబుల్ కొనని ఒకసారి వెలుతురులో చూడండి. దాని లోహం మెరుస్తూ, చుట్టూ ప్లాస్టిక్ మామూలుగా ఉంటే వేడి చార్జర్ లోపల నుంచే వచ్చిందని చెప్పడానికి మీకు బలం ఉన్నట్టు. అదీ నల్లబడి ఉంటే ఆ కేబుల్ కూడా వాడకండి. చార్జర్‌తో పాటు వచ్చిన కేబులైతే రెండూ కలిపి ఇచ్చేయండి. మీరు విడిగా కొన్నదైతే ఆ మాట లెటర్‌లో రాయండి.

పాడైన చార్జర్‌ని మళ్లీ ముట్టకుండానే మిగతావాటి మీద అనుమానం తీర్చేయవచ్చు. కేబుల్ శుభ్రంగా ఉంటే, దాన్నీ మీ ఫోన్‌నీ మంచిదని తెలిసిన ఇంకో చార్జర్‌తో, అంటే మీ పాతదో మీ రూమ్మేట్‌దో తీసుకుని, అదే సాకెట్లో పెట్టండి. బ్యాటరీ 20 శాతం లోపు ఉన్నప్పుడు పెట్టండి, లేకపోతే షాపాయన చేసిన పొరపాటే మీరూ చేసినట్టవుతుంది. ఆ చార్జర్ కూడా ఇంచుమించు అన్నే వాట్లది అయితే పోలిక న్యాయంగా ఉంటుంది. అరగంట దగ్గరే కూర్చోండి. ప్లగ్ సాకెట్లో కదులుతోందా, చిటపట శబ్దం ఉందా అన్నది మొదటే చూడండి, ఉంటే అక్కడితో ఆపేసి వార్డెన్‌కి చెప్పండి. ఏమీ లేకుండా అరగంటయ్యాక చార్జర్ వెచ్చగా మాత్రమే ఉండి, పది సెకన్లు హాయిగా పట్టుకోగలిగితే మీ సాకెట్, కేబుల్, ఫోన్ మూడూ ఒకేసారి అనుమానం నుంచి బయటపడ్డాయి. మార్చింది ఒక్క చార్జర్‌నే కదా. ఆ ఒక్క వాక్యం లెటర్‌లో ఉంటే మిగతా వాదన చాలావరకు అవసరం ఉండదు.

"హాస్టల్ కరెంటు తేడా" అన్నదానికి జవాబు చార్జర్ మీదే అచ్చు వేసి ఉంటుంది. ఇన్‌పుట్ అనే వరుస చూడండి. మామూలుగా 100 నుంచి 240 వోల్టులు అని ఉంటుంది. అంటే కరెంటు ఆ మధ్యలో ఎటు ఊగినా తట్టుకునేలా చేశామని తయారుచేసినవాళ్లే రాసిచ్చారన్నమాట. దాన్ని దాటి పెద్ద ఉప్పెనలాగా వోల్టేజ్ వచ్చిపడితే చార్జర్ పోవచ్చు, అది నిజమే. కానీ అలా వస్తే మామూలుగా మీ ఒక్కరిదే పోదు. అదే రాత్రి అదే బోర్డు మీద ఉన్న మిగతా చార్జర్లు, ఫ్యాను, లైటు బాగానే ఉన్నాయా? ఉంటే అది రాయండి.

"మీ ఫోన్ ఎక్కువ లాగేసింది" అని కూడా అనవచ్చు. చార్జర్ తానెంత ఇవ్వగలదో చెబుతుంది, ఫోన్ అందులోంచి అడుగుతుంది. ఒకవేళ హద్దు మించి అడిగినా చార్జర్ ఆగిపోవాలి, కాలిపోకూడదు. ఈ మాట లెటర్‌లో రాయనక్కర్లేదు, ఎదురుగా అడిగితే చెప్పండి చాలు. మనం ముందే వాదనలన్నీ ఏకరువు పెడితే, అవతలివాళ్లకు తట్టని సాకులు మనమే అందించినట్టవుతుంది.

నేనైతే ఇలా రాస్తాను. తేదీలు, శాతాలు, నంబర్లు ఉదాహరణకి వేశాను, మీవి మీరు పెట్టుకోండి. గుర్తులేనిది ఊహించి రాయకండి, "సుమారుగా" అని రాస్తే తప్పు లేదు.

"షాపు యజమాని గారికి నమస్కారం.

ఈ నెల 3వ తేదీన మీ షాపులో 20 వాట్ల ఫోన్ చార్జర్ ఒకటి కొన్నాను. బిల్లు నంబరు 418. చార్జర్ మోడల్ నంబరు, దాని మీదున్న సీరియల్ నంబరు ఈ లెటర్ వెనక రాశాను.

8వ తేదీ రాత్రి సుమారు 9.40కి, బ్యాటరీ 14 శాతం ఉన్నప్పుడు ఫోన్ చార్జింగ్‌కి పెట్టాను. చార్జర్ గోడ సాకెట్లో ఉంది, దాని మీద ఏదీ కప్పి లేదు. సుమారు అరగంటకు కాలిన వాసన వచ్చింది. ముట్టుకుంటే చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. వెంటనే స్విచ్ ఆపి, చల్లారాక తీశాను. కేబుల్ గుచ్చే చోట గోధుమ రంగు మరక పడింది. గోడ పిన్నుల దగ్గర మరక లేదు. కేబుల్ కొనలు రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఫొటోలు జత చేస్తున్నాను.

మర్నాడు అదే సాకెట్లో, అదే కేబుల్‌తో, అదే ఫోన్‌కి వేరే చార్జర్ పెట్టి అరగంట చూశాను. అది మామూలుగా పనిచేసింది, కాస్త వెచ్చబడింది అంతే. 8వ తేదీ రాత్రి అదే బోర్డు మీదున్న మిగతా వస్తువులకు కూడా ఏమీ కాలేదు. కాబట్టి లోపం చార్జర్‌లోనే ఉందని అనుకుంటున్నాను.

మీరు షాపులో రెండు నిమిషాలు పరీక్షించినప్పుడు వేడి కనపడలేదు. నా దగ్గర వేడెక్కింది తక్కువ బ్యాటరీతో అరగంట పెట్టాక. ఆ మరక పడినందువల్ల దాన్ని మళ్లీ కరెంటులో పెట్టడం ప్రమాదమని భావించి అప్పటి నుంచి వాడలేదు, విప్పలేదు.

దయచేసి దీని బదులు ఇంకో చార్జర్ ఇప్పించండి. అదే మోడల్ లేకపోతే 20 వాట్లదే వేరేది ఇచ్చినా సమ్మతమే. డబ్బా నా దగ్గర లేదు, బిల్లు ఉంది. ఈ నెల 16వ తేదీలోగా మీ జవాబు చెప్పగలరు.

ఇట్లు,
పేరు, హాస్టల్ రూమ్ నంబరు, ఫోన్ నంబరు, సంతకం, తేదీ"

ఇందులో "మోసం", "నాసిరకం", "కేసు" అన్న మాటలు లేవని గమనించే ఉంటారు. ఆయన మనసు నొచ్చుకుంటుందని కాదు, అవి మీరు నిరూపించలేని మాటలని తీసేశాను. ఆయన దగ్గరికి ఆ చార్జర్ సీలు వేసిన డబ్బాలోనే వచ్చి ఉంటుంది, లోపల టంకం సరిగా అతకలేదో, కెపాసిటర్ నాణ్యత లేనిదో ఆయనకీ తెలిసే దారి లేదు. ఇలాంటి తయారీ లోపాలు చాలాసార్లు మొదటి కొద్ది రోజుల వాడకంలోనే బయటపడతాయి. కాబట్టి వారానికే పాడవడం మీ వాడకం మీద కంటే తయారీ మీదే ఎక్కువ అనుమానం కలిగిస్తుంది. షాపాయనకి ఇది నచ్చజెప్పుకోవడం సులువు కూడా. ఆయన దాన్ని తనకు సరుకు ఇచ్చినవాళ్లకు తిప్పి పంపాలి కదా. మీ లెటర్‌లో సీరియల్ నంబరు, తేదీలు, మరక ఎక్కడుందో స్పష్టంగా ఉంటే ఆ కాగితమే ఆయన వాళ్లకు చూపించుకుంటారు. తిట్లున్న కాగితం ఎవరికీ చూపించలేరు.

డబ్బా గురించి టెన్షన్ పడకండి. డబ్బా అడిగేది మామూలుగా అందులోని వస్తువు ఇదేనా అని తేల్చుకోవడానికి. చార్జర్ మీదే మోడల్, సీరియల్ నంబర్లు ఉంటే, బిల్లులో మోడల్ పేరు ఉంటే ఆ పని అయిపోతుంది. కొన్ని చార్జర్ల మీద సీరియల్ నంబరు ఉండదు, అప్పుడు తయారైన నెల, బ్యాచ్ అంకెలు ఏవైనా ఉంటే అవి రాయండి. అక్షరాలు చాలా చిన్నవి, ఫోన్ కెమెరాతో దగ్గరగా తీసి పెద్దది చేసి చదవండి. మరక, పిన్నులు, కేబుల్ కొన, ఆ అచ్చు వరుసలు, పక్కన బిల్లు ఉంచి ఒకటి, ఇలా ఐదు ఫొటోలు చాలు. బిల్లు వేడితో అచ్చు వేసే నున్నటి కాగితమైతే దాన్ని విడిగా ఇంకో ఫొటో తీసి దాచండి, అది కొన్నాళ్లకి తెల్లకాగితమైపోతుంది.

చాలామంది నష్టపోయేది లెటర్ దగ్గర కాదు, చార్జర్ చేతికిచ్చే క్షణంలో. "పెట్టి వెళ్లండి, కంపెనీకి పంపి చెప్తాం" అనగానే ఇచ్చేసి వస్తారు. నెల తర్వాత వెళ్తే కౌంటర్‌లో వేరే మనిషి ఉంటారు, చార్జర్ ఉండదు, ఇచ్చినట్టు కాగితం ఉండదు. కాబట్టి లెటర్ రెండు కాపీలు రాయండి. ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద "లెటర్, చార్జర్ అందినవి" అని రాయించి తేదీ, సంతకం, షాపు ముద్ర వేయించుకోండి. వాళ్లు అందుకు ఒప్పుకోకపోతే చార్జర్ ఇవ్వకండి, లెటర్ మాత్రం ఇచ్చి రండి. అసలు బిల్లు కూడా ఇవ్వకండి, జిరాక్స్ ఇవ్వండి. "మాకు సంబంధం లేదు, కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి" అంటే గొడవ పడొద్దు. అదే ముక్క మీ కాపీ మీద రాసి సంతకం చేయమని అడగండి. ఇది అడిగాక మాట మారిన షాపులు నేను చూశాను. మారకపోయినా సర్వీస్ సెంటర్‌లో అదే లెటర్ పైన పేరు మార్చి ఇవ్వొచ్చు, ఆ కాగితం మీరు ముందు అమ్మినవాళ్లనే అడిగారని చూపిస్తుంది.

మీరు అంగీకరించకూడనిది ఒకటుంది. "మేం రిపేర్ చేసి ఇస్తాం" అంటే వద్దని చెప్పండి. ఇలాంటి చిన్న చార్జర్ల డబ్బా చాలావాటిలో అతికించేసి ఉంటుంది, విప్పాలంటే పగలగొట్టాలి. పగలగొట్టి మళ్లీ అతికించినదాంట్లో, మొదట చెప్పిన ఆ రెండు భాగాల మధ్య ఇన్సులేషన్ ముందులాగా ఉందని ఎవరూ హామీ ఇవ్వలేరు. నేను కూడా నా కౌంటర్‌లో చార్జర్లు రిపేర్‌కి తీసుకునేవాణ్ణి కాదు.

కొత్తది ఇస్తే దాని మీదున్న బ్యాచ్ అంకెలు పాతదానితో పోల్చండి. రెండూ ఒకటే అయితే వేరే బ్యాచ్‌ది ఉందేమో అడగండి, అదే లోపం ఆ గుంపు మొత్తంలో ఉండే అవకాశం ఉంది. బిల్లు మీద "మార్చి ఇచ్చాము" అని తేదీ వేయించుకుంటే ఇది కూడా వేడెక్కితే వారం లెక్క ఆ రోజు నుంచి మొదలవుతుంది. షాపులోనే అరగంట పెట్టి చూస్తానని అడగండి, మీరు అడుగుతున్నదాంట్లో అన్యాయమేమీ లేదు. ఆ రోజు పొద్దున మాత్రం ఫోన్ చార్జింగ్‌కి పెట్టకుండా, బ్యాటరీ 20 శాతం లోపుకు వచ్చాకే వెళ్లండి.